జాబ్ టైటిల్‌లో ఏఐ ఉంది, పనిలో ఉందా? చేరకముందే కనుక్కోవడం ఎలా

మా పిన్ని కూతురు రెండేళ్లుగా హైదరాబాద్‌లో మాన్యువల్ టెస్టింగ్ చేస్తోంది. ఆఫీసు అయ్యాక కూర్చుని ఎస్‌క్యూఎల్, పైథాన్ నేర్చుకుంది. నిరుడు ఒక రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఏఐ డేటా స్పెషలిస్ట్ అని ఒక ఇంటర్వ్యూ వచ్చింది. జీతం ఇప్పటికంటే బాగానే ఉంది. ఇది డేటా సైన్స్ జాబేనా?" అని అడిగింది. జాబ్ డిస్క్రిప్షన్ పంపమన్నాను. మెషిన్ లెర్నింగ్ మోడళ్లకు నాణ్యమైన డేటా అందించాలి, వేర్వేరు టీమ్‌లతో కలిసి పనిచేయాలి, పైథాన్ తెలిసి ఉంటే మంచిది అని ఉంది. నేను పన్నెండేళ్లుగా డేటా పనిలోనే ఉన్నాను. అయినా ఆ మూడు ముక్కలు చదివి అది ఏ పనో చెప్పలేకపోయాను.

ఈ రంగంలో టైటిల్ అంటే కంపెనీ తనకు అనువుగా పెట్టుకున్న పేరు, అంతే. అమెరికాలోని క్యాబ్ కంపెనీ లిఫ్ట్ 2018లో తన డేటా అనలిస్టులకు డేటా సైంటిస్ట్ అనీ, అప్పటిదాకా డేటా సైంటిస్టులుగా ఉన్నవారికి రీసెర్చ్ సైంటిస్ట్ అనీ పేర్లు మార్చినట్టు బాహాటంగానే చెప్పింది. ఒక కంపెనీలోనే పేరు ఇలా మారితే, పది కంపెనీల ప్రకటనలు పక్కపక్కన పెట్టి టైటిల్ చూసి పోల్చుకోవడం కుదరదు.

నేనూ ఒకప్పుడు డేటా సైంటిస్ట్ అన్న పేరు చూసి ఒక చోట చేరాను. పదకొండు నెలలు ఎక్సెల్ ఫైళ్లు కలపడం, వారం వారం స్లైడ్లు చేయడం తప్ప ఇంకో పని లేదు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ముందే తెలిసేది. ఆ ప్రశ్న, దాని తర్వాత అడగాల్సినవి మా చెల్లికి చెప్పాను. ఇక్కడ రాస్తున్నది అదే.

ముందు, ఆ పేరు వెనక ఏ పనులు ఉంటాయో తెలుసుకోండి

డేటా, ఏఐ అన్న పేర్లతో వచ్చే ఉద్యోగాలను నేను రోజువారీ పనిని బట్టి ఐదు రకాలుగా చూస్తాను.

మొదటిది రిపోర్టింగ్. పొద్దున్నే పవర్ బీఐ, ట్యాబ్లో లాంటి డాష్‌బోర్డు టూల్ తెరుస్తారు. నిన్నటి అమ్మకాలు డాష్‌బోర్డులో సరిగ్గా వచ్చాయా అని చూస్తారు. సేల్స్ వాళ్లు ఒక అంకె తేడాగా ఉందంటే, ఎస్‌క్యూఎల్ రాసి తేడా ఎక్కడ వచ్చిందో వెతుకుతారు. కొన్ని చోట్ల ఎస్‌క్యూఎల్ కూడా ఉండదు, ఎవరో పంపిన ఎక్సెల్ ఫైలే డేటా.

రెండోది పైప్‌లైన్ కట్టడం. ఒక సిస్టమ్‌లోని డేటాను ఇంకో చోటికి, వాడుకోవడానికి వీలైన రూపంలో చేర్చే కోడ్ రాస్తారు. స్పార్క్, డేటాబ్రిక్స్, స్నోఫ్లేక్, ఎయిర్‌ఫ్లో లాంటి పేర్లు ఇక్కడ వినిపిస్తాయి.

మూడోది ఆ పైప్‌లైన్లకు కాపలా, అంటే ప్రొడక్షన్ సపోర్ట్. పైదానికీ దీనికీ జాబ్ డిస్క్రిప్షన్‌లో ఒకే టూల్స్ ఉంటాయి, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రాత్రి తనంతట తాను నడిచే ప్రోగ్రామ్, వాళ్ల మాటలో జాబ్, ఫెయిలైతే సర్వీస్‌నౌ లాంటి టూల్‌లో టికెట్ వస్తుంది. లాగ్ చూసి, జాబ్‌ను మళ్లీ రన్ చేసి, టికెట్ మూసేస్తారు. కోడ్ మార్చాల్సి వస్తే అది వేరే టీమ్‌కి వెళ్తుంది. టైటిల్ మాత్రం రెండు చోట్లా డేటా ఇంజనీర్ అనే ఉండొచ్చు.

నాలుగోది డేటా లేబులింగ్, అనొటేషన్ అని కూడా అంటారు. ఫొటోలో కారు చుట్టూ గీత గీయడం, ఆడియో విని రాయడం, చాట్‌బాట్ ఇచ్చిన రెండు జవాబుల్లో ఏది మేలో చెప్పడం లాంటి పనులు. ఏఐ ట్రైనర్, ఏఐ డేటా అసోసియేట్, ఏఐ అనలిస్ట్ అన్న పేర్లతో ఇవి వస్తుంటాయి.

ఐదోది, అందరూ ఊహించుకునేది: మోడల్ తయారు చేయడం, లేదా ఇప్పటికే ఉన్న పెద్ద లాంగ్వేజ్ మోడల్‌ను ఏపీఐ ద్వారా పిలిచి దాని చుట్టూ అప్లికేషన్ కట్టడం. ఈ రెండూ కూడా ఒకటి కావు. మొదటి దానిలో సమయమంతా డేటా సిద్ధం చేయడం, మోడల్‌ను కొలవడం మీద పోతుంది. రెండో దానిలో ఎక్కువ భాగం మామూలు సాఫ్ట్‌వేర్ పనే.

ఈ ఐదింటిలో ఏదీ చిన్న పని కాదు. కానీ ఒకదానిలో రెండేళ్లు ఉంటే ఇంకోదాని ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అనుభవం ఉండదు. అందుకే ఏది దొరుకుతోందో ముందే తెలియాలి.

ప్రకటనలో క్రియాపదాలు, టూల్స్ కింద గీత గీయండి

జాబ్ డిస్క్రిప్షన్‌లో కంపెనీ గొప్పల్ని వదిలేసి, మీరు ఏం చేస్తారో చెప్పే మాటలు మాత్రం చూడండి. "రాయాలి, డిజైన్ చేయాలి" అంటే ఒక అర్థం. "పర్యవేక్షించాలి, పరిష్కరించాలి, ఎస్కలేట్ చేయాలి" అంటే సపోర్ట్ వాసన వస్తోంది. "గైడ్‌లైన్స్ పాటించాలి, రోజువారీ టార్గెట్ చేరుకోవాలి, ఖచ్చితత్వం చూసుకోవాలి" అంటే లేబులింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. రొటేషనల్ షిఫ్ట్, ఎస్ఎల్ఏ, అంటే ఇంత సమయంలో పరిష్కరించాలన్న గడువు, అన్న మాటలు సాధారణంగా చివర్లో చిన్నగా ఉంటాయి, వాటిని వదలకండి.

"తెలిసి ఉంటే మంచిది" అన్న టూల్‌ను లెక్కలోంచి తీసేయండి. అది లేకుండానే ఆ పని జరుగుతోందని కంపెనీ తనే చెబుతోంది. ఎక్సెల్ నుంచి పైటార్చ్ దాకా పదిహేను టూల్స్ వరసగా రాసి ఉంటే, ప్రకటన రాసినవారికి పని గురించి స్పష్టత లేదనో, వేరే ప్రకటన నుంచి ఎత్తి పెట్టారనో అనుకోవచ్చు. అలాంటప్పుడు కాగితం మీద ఇంకేమీ దొరకదు, మనిషిని అడగాల్సిందే.

ఎవరిని ఏం అడగాలి

మొదట ఫోన్ చేసేది రిక్రూటర్. చాలాసార్లు బయటి కన్సల్టెన్సీ వాళ్లు. వాళ్లకు పని గురించి తెలియదు. అడిగితే జాబ్ డిస్క్రిప్షన్‌నే చదివి వినిపిస్తారు, అది వాళ్ల తప్పు కాదు. వాళ్లకు తెలిసినవి మాత్రం అడగండి: ఎవరి పేరోల్ మీద ఉంటాను, ఒక ప్రాజెక్టు కోసమే తీసుకుంటున్నారా లేక తీసుకున్నాక ప్రాజెక్టు చూస్తారా, క్లయింట్ ఇంటర్వ్యూ ఉందా, షిఫ్ట్ ఏమిటి. "తీసుకున్నాక చూస్తాం" అంటే, ఇంటర్వ్యూలో ఎంత మంచి పని గురించి మాట్లాడినా అది మీకు వస్తుందన్న హామీ లేదు.

అసలు ప్రశ్న దాచుకోవాల్సింది మేనేజర్ కోసం. ఇంటర్వ్యూ చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు చాలామంది "ఈ రోల్‌లో బాధ్యతలు ఏమిటి సార్" అని అడుగుతారు. దానికి ప్రకటనలోని మాటలే తిరిగొస్తాయి. దాని బదులు ఇలా అడగండి:

"ఈ టీమ్‌లో నా స్థాయిలో ఉన్నవారు గత వారం పూర్తి చేసిన ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలరా?"

ఇందులో మూడు మాటలు ముఖ్యం. "నా స్థాయిలో" అనకపోతే మేనేజర్ తన టీమ్‌లోని అత్యంత సీనియర్ చేసిన మంచి పని చెబుతారు. "గత వారం" అనకపోతే ముందుముందు చేయబోయేది చెబుతారు. "ఒక పని" అనకపోతే జాబితా చదువుతారు. ఈ మూడూ ఉంటే, అబద్ధం చెప్పే ఉద్దేశం లేని ఏ మేనేజరైనా నిజంగా జరిగిన దాన్నే చెప్పాల్సి వస్తుంది. నా అనుభవంలో చాలామంది సంతోషంగానే చెబుతారు. తమ పని గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే ఎవరికైనా ఇష్టమే.

వాళ్లు చెబుతున్నప్పుడు నాలుగు విషయాలు వినండి. చెప్పనిది ఉంటే మర్యాదగా అడగండి.

ఆ పని ఎక్కడి నుంచి వచ్చింది? టికెట్‌గానా, బ్యాచ్‌గానా, బిజినెస్ టీమ్ అడిగిన ప్రశ్నగానా. "ఈ నెల కస్టమర్లు ఎందుకు తగ్గారో చూడమన్నారు" అంటే ఆలోచించే చోటు ఉంది. "సోమవారం బ్యాచ్ వస్తుంది" అంటే పని ముందే ముక్కలు చేసి ఉంది.

మొదట ఏ టూల్ తెరిచారు, అందులో ఏం చేశారు? టూల్ పేరు ఒక్కటే వింటే సరిపోదు, దానితో పాటు క్రియ కావాలి. "పైథాన్ వాడతాం" అంటే నోట్‌బుక్‌లో డేటాను విశ్లేషించడం కావచ్చు, సర్వర్ మీద నడిచే కోడ్ రాయడం కావచ్చు, లేదా లీడ్ రాసిచ్చిన స్క్రిప్టును రోజూ ఒకసారి రన్ చేయడం కావచ్చు. "ఆ కోడ్ మేం రాస్తామా, ఉన్నదాన్ని నడుపుతామా?" అని సూటిగా అడగొచ్చు. అంతకంటే సున్నితమైన ప్రశ్న నాకు ఇష్టం: "కోడ్ ఎక్కడ ఉంచుతారు, ఎవరు రివ్యూ చేస్తారు?" నిజంగా కోడ్ రాసే టీమ్ తడుముకోకుండా గిట్ గురించి, రివ్యూ గురించి చెబుతుంది. రాయని టీమ్‌లో ఈ ప్రశ్నకు జవాబే ఉండదు.

చివరికి ఏం తయారైంది, దాన్ని ఎవరు వాడారు? టేబుల్, డాష్‌బోర్డు, మోడల్, మూసేసిన టికెట్, లేబుల్ చేసిన ఫొటోలు: ఏది బయటికి వెళ్తుందో అదే మీ ఉద్యోగం.

అది సరిగ్గా ఉందని ఎలా తెలుసుకున్నారు? మోడల్ పని అని చెబుతున్న చోట ఈ ప్రశ్న చాలా విషయాలు బయటపెడుతుంది. మోడల్ నిజంగా వాడుకలో ఉంటే, చివరిసారి ఎప్పుడు మళ్లీ ట్రైన్ చేశారో, దాని పనితీరు తగ్గిందని ఎలా గమనిస్తారో చెప్పగలరు. లాంగ్వేజ్ మోడల్‌తో అప్లికేషన్ కడుతున్నామంటే, "జవాబులు తప్పు వస్తే ఎలా పట్టుకుంటున్నారు, పరీక్షించడానికి ప్రశ్నల సెట్ ఏదైనా ఉందా?" అని అడగండి. లేదని చెబితే ఆ ప్రాజెక్టు ఇంకా డెమో దశలోనే ఉండొచ్చు. డెమో దశ తప్పేం కాదు, కానీ డెమో టీమ్‌లు తొందరగా పుట్టి తొందరగా రద్దవుతాయి.

మా చెల్లి ఇంటర్వ్యూలో ఏం తేలింది

ఆమె ఆ ప్రశ్న అడిగింది. మేనేజర్ ఏమీ దాచలేదు. సోమవారం క్లయింట్ నుంచి బ్యాచ్ వస్తుందట. కార్ల మీద పెట్టిన కెమెరాలు తీసిన రోడ్డు ఫొటోలు. సీవీఏటీ అనే టూల్‌లో ఒక్కో ఫొటో తెరిచి, కార్లు, బైకులు, నడిచే మనుషుల చుట్టూ డబ్బాలు గీసి పేర్లు ఎంచుకోవాలి. సగం కనిపించే బండిని ఎలా గీయాలో, అద్దంలో కనిపించే ప్రతిబింబాన్ని ఏం చేయాలో గైడ్‌లైన్స్ పుస్తకంలో ఉంటుంది. ఇద్దరు క్వాలిటీ చెకర్లు కొన్ని ఫొటోలు తీసి చూస్తారు. తప్పులు పరిమితి దాటితే బ్యాచ్ మొత్తం తిరిగొస్తుంది.

"మరి పైథాన్ ఎక్కడ వాడతారండీ?" అని అడిగింది. లేబుల్ ఫైళ్లను క్లయింట్ అడిగిన ఫార్మాట్‌లోకి మార్చే స్క్రిప్ట్ ఉందని, దాన్ని లీడ్ రన్ చేస్తారని చెప్పారు. "మోడల్ ఎవరు ట్రైన్ చేస్తారు?" అంటే, క్లయింట్ టీమ్ విదేశాల్లో ఉందనీ, వాళ్లు చేస్తారనీ చెప్పారు. అప్పుడామె, నేను చెప్పకుండానే, ఇంకో మంచి ప్రశ్న అడిగింది: "ఈ టీమ్‌లో ఏడాది రెండేళ్లు చేసినవారు తర్వాత ఏ పనిలోకి వెళ్లారు?" క్వాలిటీ చెకర్‌గా, తర్వాత టీమ్ లీడ్‌గా వెళ్లారని ఆయన చెప్పారు. మోడల్ పనిలోకి వెళ్లినవారు లేరు.

ప్రకటనలో అబద్ధం లేదని గమనించండి. మోడళ్లకు నాణ్యమైన డేటా అందించడం నిజమే, వేర్వేరు టీమ్‌లతో పనిచేయడమూ నిజమే. చదివినవారు తమ ఆశకు తగ్గట్టు అర్థం చేసుకునేంత వదులుగా రాశారు, అంతే. ఆ రాత్రి ఫోన్‌లో చెల్లి గొంతులో నిరాశ తెలుస్తూనే ఉంది. "జీతం బాగుంది కదా అన్నయ్యా, చేరిపోనా?" అంది. "నీకు రోజూ ఎస్‌క్యూఎల్ రాసే పని కావాలన్నావు కదమ్మా. అక్కడ వారంలో ఎన్ని గంటలు రాస్తావు?" అన్నాను. సున్నా అని తనే చెప్పింది.

రెండు నెలల తర్వాత ఒక మందుల పంపిణీ కంపెనీలో ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ అన్న ఉద్యోగానికి పిలుపొచ్చింది. పేరు వింటే ఎవరికీ ఉత్సాహం రాదు. అదే ప్రశ్న అక్కడా అడిగింది. గత వారం ఒకరు, కొన్ని జిల్లాల్లో స్టాకు ఎందుకు గడువు దాటిపోతోందో వెతికారట. డేటా పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. ఎస్‌క్యూఎల్‌తో ఆర్డర్లను, బ్యాచ్ తేదీలను కలిపి చూసి, ఏ గోదాముల్లో ఎక్కువ నిల్వ పెడుతున్నారో పట్టుకున్నారు. తర్వాత పైథాన్‌తో వారం వారం హెచ్చరిక మెయిల్ వెళ్లేలా చేశారు. ఆమె అక్కడే చేరింది. ఏఐ అన్న మాట టైటిల్‌లో లేదు. రోజూ చేసేది మాత్రం డేటా పనే.

సూటిగా జవాబు రానప్పుడు

"అన్నీ ఉంటాయి", "ప్రాజెక్టును బట్టి ఉంటుంది", "చేరాక మీకే తెలుస్తుంది" అన్న జవాబులు వస్తే వెంటనే మోసం అనుకోవద్దు. కొత్తగా పెడుతున్న టీమ్‌కి నిజంగానే గత వారం ఉండదు. అప్పుడు ప్రశ్న మార్చండి: డేటా ఇప్పుడు ఎక్కడ ఉంది, దానికి టీమ్‌కి యాక్సెస్ వచ్చేసిందా, ఇప్పటిదాకా ఎవరెవరిని తీసుకున్నారు, మొదటి మూడు నెలల్లో ఏం చూపించాలి?

డేటా ఇంజనీర్ ఎవరూ లేకుండా మొదటి మనిషిగా డేటా సైంటిస్టును తీసుకుంటున్నారంటే, మొదటి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది, మీరు చేసేది పైప్‌లైన్ పనే. యాక్సెస్ ఇంకా రాలేదంటే ఆ అనుమతుల కోసం మెయిళ్లు పెట్టడం కూడా మీ పనే అవుతుంది. అది నచ్చేవారూ ఉన్నారు, నేర్చుకునేది చాలా ఉంటుంది. తెలిసి చేరితే టెన్షన్ ఉండదు. టీమ్ పాతదై ఉండి కూడా గత వారం గురించి చెప్పలేకపోతే మాత్రం ఆలోచించాల్సిందే. ఆ టీమ్‌లో ఒకరితో పది నిమిషాలు మాట్లాడే వీలుందా అని అడగండి. చాలా కంపెనీలు ఆఫర్ దశలో దీనికి ఒప్పుకుంటాయి.

ఇంటర్వ్యూ రౌండ్లు కూడా ఒక జవాబే. జాయిన్లు, విండో ఫంక్షన్లు రాయించారంటే ఎస్‌క్యూఎల్ పని ఉంది. టికెట్ ప్రాధాన్యం, షిఫ్ట్ హ్యాండోవర్ గురించి అడిగారంటే సపోర్ట్. ఫొటోల్లో తేడాలు పట్టే పరీక్ష, టైపింగ్ పరీక్ష పెట్టారంటే పని ఏమిటో వాళ్లు చెప్పకనే చెప్పారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: కఠినమైన అల్గారిదమ్ ప్రశ్నలు అడిగినంత మాత్రాన పని కూడా అలాంటిదే అనుకోకూడదు. పెద్ద కంపెనీలు అందరినీ ఒకే జల్లెడ పట్టడానికి అవి వాడతాయి.

అమెరికాలో ఓపీటీ మీద ఉన్నవారికి

ఓపీటీ అంటే అమెరికాలో చదివినవారు విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి. సైన్స్, టెక్నాలజీ డిగ్రీలవారికి దొరికే 24 నెలల స్టెమ్ ఓపీటీ పొడిగింపు వాడుకునే మన విద్యార్థులకు ఈ ప్రశ్నలు ఇంకా ముఖ్యం. ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్‌లో మీరు ఏం పని చేస్తారో, అది మీ డిగ్రీకి ఎలా సంబంధించిందో, ఎవరు పర్యవేక్షిస్తారో రాసి మీరూ కంపెనీ సంతకం చేయాలి. డేటా సైంటిస్ట్ అన్న టైటిల్ చూసి మోడళ్లు తయారు చేస్తానని రాసి, తీరా చేసేది వేరైతే, సంతకం పెట్టిన కాగితానికీ పనికీ పొంతన ఉండదు. పైన చెప్పిన నాలుగు విషయాలకు జవాబులు తీసుకున్నాకే ఆ ఫారం నింపండి.

మాటను మెయిల్‌లోకి తెచ్చుకోండి

ఫోన్‌లో అంతా స్పష్టంగా చెప్పారనుకుందాం. ఆఫర్ లెటర్‌లో మాత్రం డెజిగ్నేషన్, జీతం, కంపెనీ అవసరాన్ని బట్టి వేరే పని అప్పగించవచ్చన్న వాక్యం ఉంటాయి. కాబట్టి ఆఫర్ ఒప్పుకునే ముందు మేనేజర్‌కీ, హెచ్ఆర్‌కీ కలిపి నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. నేను చేరబోయే టీమ్ ఇది, వారంలో ఎక్కువ సమయం ఈ పని మీద ఉంటుందని అర్థమైంది, ముఖ్యంగా వాడేవి ఈ టూల్స్, షిఫ్ట్ ఇది, పొరపాటుంటే చెప్పగలరు అని. ఇది చట్టపరమైన రక్షణ కాదు. ప్రాజెక్టు ఆగిపోవచ్చు, ఆ మేనేజరే మారిపోవచ్చు. కానీ తేడా ఉంటే ఈ మెయిల్ దగ్గరే బయటపడుతుంది. మా సహోద్యోగి ఒకాయన ఇలా పంపితే, "మొదటి ఆరు నెలలు సపోర్ట్‌లో ఉండాల్సి రావచ్చు" అని జవాబొచ్చింది. ఇంటర్వ్యూలో ఎవరూ ఆ మాట అనలేదు.

ఇవన్నీ ఇప్పటి కంపెనీలో పేపర్లు పెట్టకముందే అయిపోవాలి. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. పేపర్లు పెట్టాక ఆరో వారంలో అసలు పని ఏమిటో తెలిస్తే, వెనక్కి వెళ్లడానికి పాత మేనేజర్‌ను అడగాలి, ముందుకు వెళ్లడానికి ఇష్టం లేని ఉద్యోగంలో చేరాలి. మెయిల్‌కు జవాబు వచ్చేదాకా రెండు రోజులు ఆగుతామంటే ఆఫర్ వెనక్కి తీసుకున్న కంపెనీని నేను ఇంతవరకూ చూడలేదు.